చల్లగా ఉంటే మొక్కజొన్న ఎందుకు వెనకబడుతుంది?

పంట శరీరధర్మశాస్త్రం చదువుతున్నాను, ఒకచోట ఆగిపోయాను. 35 డిగ్రీల మండుటెండలో వరి ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ రూబిస్కో ఆక్సిజన్‌ను కూడా పట్టేసి, కాంతిశ్వాసక్రియలో కార్బన్‌ను పోగొట్టుకుంటుంది. మొక్కజొన్న మాత్రం ఈనెల చుట్టూ ఉండే తొడుగు కణాల్లోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపి, రూబిస్కో చుట్టూ దట్టంగా నింపుతుంది. అందుకు ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు వరి కంటే 2 ఏటీపీలు, అంటే కణం వాడే శక్తి అణువులు, అదనంగా ఖర్చు. ఎండలో ఆ ఖర్చు గిట్టుబాటే.

మరి 15 డిగ్రీల దగ్గర? వరికీ చలి పడదు, అది వేరే సంగతి. మొక్కజొన్నలో కిరణజన్య సంయోగక్రియ తగ్గడానికి కారణం ఆ అదనపు ఏటీపీలా, లేక ఆ పంపకానికి కావలసిన, చలికి మందగించే పైరువేట్ ఫాస్ఫేట్ డైకైనేజ్ ఎంజైమా? మసక వెలుతురులో ఏటీపీ ఖర్చు, నిండు వెలుతురులో ఎంజైమ్ అడ్డుపడతాయని నా ఊహ. కాంతి స్పందన వక్రరేఖలో మసక వెలుతురు దగ్గరి మొదటి వాలు, నిండు వెలుతురు దగ్గరి పై గరిష్ఠం విడివిడిగా చూస్తే ఇది తేలుతుందా? ఆకు మీద కొలిచినవారు దయచేసి వివరించండి.