కొత్త ఛానల్‌కి టాపిక్: ఇష్టం చూడాలా, గిరాకీ చూడాలా?

కావ్య, బెళ్ళందూరు: తెలుగులో యూట్యూబ్ ఛానల్ పెడదామనుకుంటున్నా. నాకిష్టం బాల్కనీలో మొక్కలు. మా ఆయనేమో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి చెప్పు, వ్యూస్ అక్కడే అంటున్నారు. మొక్కల ఛానళ్ళు ఇప్పటికే బోలెడు. ఏది తీసుకోమంటారు?

కిరణ్: మీవారి మాటే కరెక్ట్. యాడ్స్ మీద వచ్చే డబ్బు ఉద్యోగాలు, ఫైనాన్స్ వీడియోలకే ఎక్కువ. ఇష్టాన్ని ఆదివారానికి పెట్టుకోండి.

సుభద్ర: కిరణ్ గారూ, రేటు సంగతి నిజమే, కానీ యాడ్ డబ్బు రావాలంటే ముందు 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ దాటాలి, అంతవరకు పైసా రాకుండా వీడియోలు తీస్తూ ఉండాలంటే ఇష్టం లేనివాళ్ళు మధ్యలోనే వదిలేస్తారు.

అలాగని ఇష్టం ఒక్కటే చాలదు కావ్యా. "మొక్కలు" అనేది మరీ పెద్ద టాపిక్. తెలుగులో మిద్దె తోటల ఛానళ్ళు పాతుకుపోయాయి, వాళ్ళకి మేడ మీద ఎండ ఉంది, జాగా ఉంది. నీది అద్దె ఫ్లాట్ బాల్కనీ అయితే అదే నీ దారి. ఇన్‌కాగ్నిటోలో యూట్యూబ్ తెరిచి తెలుగు లిపిలో ఒకసారి, balcony lo mokkalu అని ఇంకోసారి వెతుకు, మనవాళ్ళు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. పైన వచ్చిన వీడియోల్లో సబ్‌స్క్రైబర్లు తక్కువున్నా వ్యూస్ దానికి ఎన్నో రెట్లున్నవి ఏవో చూడు. అలాంటివి రెండుమూడు కనిపిస్తే జనానికి ఆ విషయం కావాలి, చెప్పేవాళ్ళు తక్కువ అన్నమాట. అన్నీ పెద్ద ఛానళ్ళవే, అన్నీ ఈమధ్యవే అయితే టాపిక్ ఇంకా చిన్నది చెయ్యి.

రాజు: మేడమ్, నేను బిర్యానీ హోటళ్ళ మీద షార్ట్స్ పెడుతున్నా. వ్యూస్ బాగానే ఉన్నాయి, 4000 గంటలు మాత్రం కదలట్లేదు. టాపిక్ మార్చాలా?

సుభద్ర: మార్చక్కర్లేదు రాజూ. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ ఆ గంటల్లోకి రాదు. షార్ట్స్‌కి లెక్క వేరే, 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి.

కావ్య: ఇప్పుడే వెతికా అక్కా. టమాటా వీడియో ఒకటి బాగా పోయింది, దాని కింద "మాది ఉత్తరం వైపు బాల్కనీ, ఎండ తగలదు, ఏం వేయాలి" అని ఎవరో అడిగారు, జవాబు లేదు. టమాటాకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి, మాకూ అంత రాదు. పుదీనా, పాలకూర మాత్రం బాగానే వస్తున్నాయి.

కిరణ్: ఒక కామెంట్ చూసి ఛానల్ పెట్టేస్తారా? ఎండ లేని బాల్కనీల కోసం వెతికేవాళ్ళు ఎంతమందని? పైగా వ్యూస్ చాలావరకు సెర్చ్ నుంచి కాదు, హోమ్ పేజీ లాంటి చోట్ల యూట్యూబ్ తనంతట తానే చూపిస్తే వస్తాయి.

సుభద్ర: అది న్యాయమైన ప్రశ్నే. గూగుల్ ట్రెండ్స్‌లో YouTube Search ఎంచుకుని చూడొచ్చు కానీ, ఇంత చిన్న తెలుగు మాటలకి చాలాసార్లు డేటా ఉండదు. అందుకని ముందు ఎండ తక్కువ బాల్కనీ మీదే అయిదారు వీడియోలు పెట్టి, యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్స్ చూడు కావ్యా. సెర్చ్‌లో జనం ఏం కొట్టి వచ్చారో అక్కడ మాటలతో సహా కనిపిస్తుంది. ఆ మాటలు నీ టాపిక్‌వే అయితే కొనసాగించు. సెర్చ్ నుంచి ఎవరూ రాక, హోమ్ పేజీలో చూపించినా క్లిక్ చేయకపోతే కిరణ్ గారి అనుమానమే నిజమనుకోవాలి.

కిరణ్: సరే, అయిదారు వీడియోలకే తేలిపోతుందంటే నేను నమ్మను. కావ్య గారూ, అవి పెట్టాక ఇక్కడే చెప్పండి, చూద్దాం.