గుర్రం 64 గళ్లూ తిరగాలి: రెండు గళ్లకు దారులు సమానమైతే ఎటు వెళ్లాలి?

మాది కావలి. సెలవుల్లో ఎండకి బయటికెళ్లలేక మా అబ్బాయీ నేనూ చదరంగం బల్ల మీద గుర్రాన్ని అన్ని గళ్లకూ ఒక్కోసారే తిప్పుతున్నాం. ముందుకు దారులు అతి తక్కువగా ఉన్న గడికే వెళ్లమని 1823లో వార్న్స్‌డార్ఫ్ చెప్పిన పద్ధతి ఇది. తిరిగేసిన గళ్లను లెక్కలోంచి తీసేస్తున్నాం.

a1లో మొదలుపెట్టి b3కి వెళ్లాం. అక్కడి నుంచి a5కీ c1కీ మూడేసి దారులే, d2కి ఐదు, c5, d4లకు ఏడేసి. మరి a5నా, c1నా? మేం బొమ్మాబొరుసు వేస్తున్నాం. ఒక్కోసారి పూర్తవుతోంది, ఒక్కోసారి చివర్లో రెండు మూడు గళ్లు మిగిలిపోతున్నాయి, వాడికేమో కోపం! సమానమైనప్పుడు ఇంకో అడుగు ముందుకి లెక్కేస్తే చాలా, లేక ఇరుక్కున్నాక వెనక్కి రావాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి.