డీఫ్రాస్ట్ అయ్యాక ఫ్యాన్ వెంటనే తిరగాలా, కాసేపు ఆగాలా?

హార్బర్ షెడ్: ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల కోల్డ్ రూమ్ మాది, సెట్టింగ్ మైనస్ 20. ఆరు గంటలకోసారి డీఫ్రాస్ట్. అది అవగానే డిస్‌ప్లే మైనస్ 13 చూపిస్తోంది. డిలే తీసేసి ఫ్యాన్ వెంటనే తిప్పితే త్వరగా చల్లబడుతుందని మా ఓనర్‌గారు అంటున్నారు. తీసేయొచ్చా?

గాజువాక మెకానిక్: వద్దండీ. హీటర్ ఆగేసరికి కాయిల్ ఎనిమిది, పది డిగ్రీల వేడి మీద ఉంటుంది, రేకుల మధ్య ఇంకా నీటి చుక్కలు వేలాడుతుంటాయి. అప్పుడు ఫ్యాన్ తిరిగితే ఆ వేడి, ఆ తేమ రెండూ రూమ్‌లోకే వస్తాయి. ముందు రెండు మూడు నిమిషాలు నీళ్లు కారిపోనివ్వాలి. తర్వాత కంప్రెసర్ మొదలై కాయిల్ మైనస్ 5 దాకా దిగితే, మిగిలిన తడి రేకులకే గడ్డకడుతుంది. ఫ్యాన్ తిరగాల్సింది అప్పుడు. యూనిట్ ఎదురుగా సీలింగ్ మీద, పై వరస అట్టపెట్టెల మీద మంచు పేరుకుంటోందంటే ఫ్యాన్ తొందరపడుతోందని అర్థం.

ఆ మైనస్ 13 చూసి టెన్షన్ పడకండి. సెన్సర్ యూనిట్ పక్కనే ఉంటే హీటర్ వేడి తగులుతుంది. పెట్టెల మధ్య ఇంకో థర్మామీటర్ పెట్టి చూడండి, సరుకు అంత కదలదు.

మధురవాడ ఐస్‌క్రీమ్: డిలే తీసేస్తే మోటార్ కాలిపోతుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే స్టార్ట్ అయి మాది ఒకసారి కాలింది.

గాజువాక మెకానిక్: మీరు చెప్పేది కంప్రెసర్ డిలే అండీ. ఆగాక మూడు నిమిషాలైనా విరామం ఉంటే ప్రెషర్లు సర్దుకుంటాయి, దాన్ని ఎవరూ తీయకూడదు. ఇక్కడ అడిగింది ఫ్యాన్ సంగతి.

పెదవాల్తేరు: రోజుకి రెండు డీఫ్రాస్ట్‌లు చాలు కదా? నాలుగెందుకు, కరెంటు దండగ.

గాజువాక మెకానిక్: తలుపు ఎక్కువ తెరవని రూమ్‌కైతే మీ మాట నిజమే. లోడింగ్ రోజుల్లో మన సముద్రపు గాలి తేమంతా కాయిల్ మీదే చేరుతుంది. అంకె తగ్గించే ముందు డీఫ్రాస్ట్ ఎలా ముగుస్తోందో చూడండి. కాయిల్ సెన్సర్ వేడి చూసి మధ్యలోనే ఆపితే అంతా బాగున్నట్టు. ప్రతిసారీ పూర్తి 30 నిమిషాలు నడిచి టైమ్ మీదే ఆగితే మంచు కరగడం లేదు. నేను చూసిన ఒక రూమ్‌లో అలాగే జరిగింది. మూడు హీటర్లలో కింది దానికి క్లాంప్ మీటర్ పెడితే ఆంప్స్ సున్నా. కాయిల్ కింది భాగం ఐసు దిమ్మ అయిపోయి, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా రూమ్ మైనస్ 14 దాటి దిగలేదు.

హార్బర్ షెడ్: మాది 30 నిమిషాలూ నడుస్తోంది! ఇంకో మాట, లోడింగ్‌లో డోర్ అలారం గోల భరించలేక కుర్రాళ్లు వైరు పీకేశారు.

గాజువాక మెకానిక్: ముందు హీటర్లు చూపించండి. అలారం వైరు మళ్లీ కలిపి, టైమ్ రెండు నుంచి ఐదు నిమిషాలకు పెంచుకోండి. తలుపు తెరిస్తే ఫ్యాన్ ఆగేలా స్విచ్ కూడా ఇప్పించండి.

పెదవాల్తేరు: ఫ్యాన్ ఆగి కంప్రెసర్ నడిస్తే గ్యాస్ ఆవిరి కాకుండా లిక్విడ్‌గానే కంప్రెసర్‌లోకి వెనక్కి వచ్చేయదా?

గాజువాక మెకానిక్: వస్తుంది. అందుకే రెండూ ఆపాలంటాను నేను.

పెదవాల్తేరు: అరగంట లోడింగ్ అయితే రూమ్ ఏమవుతుంది మరి? నేనైతే కర్టెన్ వేసి ఫ్యాన్ నడిపిస్తా.

హార్బర్ షెడ్: రేపు ఎలక్ట్రీషియన్‌తో హీటర్ ఆంప్స్ చూపించి రీడింగ్ ఇక్కడే పెడతాను.