పట్టుదారం గాజుల ధరలో మన కూలీ కలపాలా, వద్దా?

సన్నజాజి:
రెండు కడాలు, ఎనిమిది సన్న గాజులు కలిపి ఒక సెట్‌కి సామాను 180 అవుతోంది. చేయడానికి మూడున్నర గంటలు. 360కి అమ్ముతున్నా. గంటకి వంద చొప్పున నా పని కలిపితే 530 అవుతుంది. బజార్లో ఇలాంటిది 400కే దొరుకుతోంది. నా టైమ్ ధరలో కలపాలా, వదిలేయాలా?

మల్లేశం_బజార్:
అంత లెక్క ఎందుకమ్మా. సామానుకి మూడింతలు పెట్టు, 540 అవుతుంది. అడిగినవాళ్ళకి ఓ యాభై తగ్గించు. ఫ్యాన్సీ సామాన్లలో చాలామంది చేసేది ఇదే. సామాను ఒక వంతు, పని ఒక వంతు, మిగతాది షాపు ఖర్చులు, లాభం.

పట్టుపోగు:
మల్లేశం గారూ, మూడింతల లెక్క ఒకే రకం సరుకు చేసేవాళ్ళకి పనికొస్తుంది. గాజుల్లో అది ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. ఉత్త దారంతో జిగ్‌జాగ్ అల్లిక సెట్‌కి సామాను 90 రూపాయలే, చేతిపని నాలుగు గంటలు. రెడీమేడ్ స్టోన్ చైన్ అంటించే సెట్‌కి సామాను 260, పని గంటన్నర. మీ లెక్కన మొదటిది 270, రెండోది 780. కష్టం ఎక్కువున్నది చవక, తక్కువున్నది మూడు రెట్లు ఖరీదు! కొనేవాళ్ళు మొదటిదే ఎగబడి కొంటారు, చేసేవాళ్ళ చేతులు పడిపోతాయి. ఆర్డర్లు బాగా వస్తున్నాయి గానీ డబ్బు కనపడట్లేదు అనేవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే.

సన్నజాజి గారూ, కూలీ కలపాల్సిందే. ఇప్పుడు మీకు గిట్టుతున్నదెంతో ముందు చూద్దాం. 360లో సామాను 180, డబ్బా, బబుల్ కవరు 22 తీసేయండి. పైఖర్చులు కూడా ఉంటాయి: బజారుకి వెళ్ళొచ్చే ఛార్జీలు, ఫోన్ రీఛార్జిలో వాటా, కత్తెర, పట్టకారు, బ్రష్షులు, ఎగ్జిబిషన్‌లో టేబుల్ అద్దె. నెలకి 1,200 అనుకుందాం. దాన్ని చేసిన సెట్లతో కాదు, అమ్ముడైన సెట్లతో భాగించాలి. 40 చేస్తే 34 అమ్ముడయ్యాయంటే ఒక్కోదానికి 35. ఇవన్నీ పోతే మిగిలేది 123. మూడున్నర గంటలకి పంచితే గంటకి 35 రూపాయలు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలీ 307. ఎనిమిది గంటలతో భాగించినా గంటకి 38 పైనే పడుతుంది.

అయితే ఆ మూడున్నర గంటలు నాకు అనుమానంగా ఉంది. జిగురు ఆరే టైమ్ కూడా అందులో ఉందా?

సన్నజాజి:
ఉందండి. దారం చుట్టాక ఒకసారి, కుందన్లు అంటించాక ఒకసారి, రెండూ కలిపి గంట దాకా ఆరబెడతాను. ఒక సెట్ పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెడతాను.

పట్టుపోగు:
చిక్కంతా అక్కడే ఉంది. ఆరే గంటకి కూలీ కట్టకూడదు, అప్పుడు మీ చేతులు ఖాళీ. అంటే అసలు పని రెండున్నర గంటలే. అదీ తగ్గుతుంది. ఒకే రంగులో ఆరు సెట్లు కలిపి పట్టండి. పోగులు కలిపి కట్టలు కట్టడం ఒకేసారి అయిపోతుంది, ఆరోది చుట్టేలోపు మొదటి సెట్ ఆరిపోతుంది. గడియారం పెట్టి మొత్తం ఆరింటి టైమ్ రాసుకుని ఆరుతో భాగించండి. ఒక్క సెట్ చేసి చూస్తే వచ్చే అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. సెట్‌కి గంటా నలభై నిమిషాల దాకా రావచ్చు. ఫొటోలు, వాట్సాప్‌లో బేరాలు, ప్యాకింగ్ కూడా పనే కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు కలపండి. రెండు గంటలు.

తొందర మాత్రం జిగురు దగ్గర వద్దు. మందంగా రాస్తే దారం పైకి ఊరి నల్లబడి బిరుసెక్కుతుంది, విప్పి మళ్ళీ చుట్టాలి. సరిగా ఆరకముందే డబ్బాలో పెడితే కొరియర్‌లో కుందన్లు రాలిపోతాయి, మళ్ళీ పంపే ఖర్చు మీదే. ఫాయిల్ ఊడిన కుందన్లు, పాడైన దారం కోసం సామానుకి పదోవంతు కలుపుకోండి: 198. ప్యాకింగ్ 22, పైఖర్చు 35, గంటకి 70 చొప్పున కూలీ 140. మొత్తం 395. దానిమీద పదిహేను శాతం లాభం వేస్తే 450 చుట్టూ వస్తుంది.

కరీంనగర్_కోడలు:
అక్కా, మేం మగ్గం వర్క్ చేస్తాం. సగం అడ్వాన్సు తీసుకోకుండా ఫ్రేముకి బట్ట బిగించం. మీరు కూడా చీరకి మ్యాచింగ్ అడిగినవాళ్ళ దగ్గర ముందే డబ్బు తీసుకోండి, అమ్ముడుపోనివి అనే బాధే ఉండదు.

పట్టుపోగు:
చెల్లీ, ఆమె అడుగుతున్నది ముందే చేసి పెట్టుకునే సెట్ల గురించి. 2.4, 2.6 సైజులు పోయి, 2.2, 2.8 మిగిలిపోతే అడ్వాన్సు ఎవరిస్తారు? అందుకే ఆ రెండు సైజులూ ఆర్డర్ మీదే చేయడం మేలు. మ్యాచింగ్ విషయంలో మాత్రం మీరన్నది నిజమే, ఇంకో మాట కూడా ఉంది. ఆ చీర రంగు దారం రీలు మొత్తం కొంటాం, మూడోవంతు వాడతాం. మిగిలిన ఆవపువ్వు రంగు రీలుని మళ్ళీ ఎవరు అడుగుతారో తెలీదు. కాబట్టి మ్యాచింగ్ ఆర్డర్‌కి వాడినంత కాదు, రీలు మొత్తం ఖరీదు వేయాలి.

రాజు_లెక్కలు:
ఒక హెచ్చరిక. ఎవరైనా బొటిక్‌వాళ్ళు పెట్టుకుని అమ్మిపెడతామంటే ముప్పై శాతం అడగొచ్చు. 450కి అమ్మితే వాళ్ళకి 135 పోయి మీకు 315 వస్తుంది. 395 ఖర్చుకి 80 తక్కువ, అంటే మీ 140 కూలీలో మిగిలేది 60. 395కి ముప్పై శాతం కలిపి 513 పెట్టినా సరిపోదు, కమిషన్ తీసేది 513 మీద కాబట్టి చేతికి 359 వస్తుంది. 395ని 0.70తో భాగించాలి, 564. మీ లాభం కూడా కావాలంటే ఇంకా పైకి పోవాలి. ఆ ధరకి అక్కడ పోదనుకుంటే బొటిక్‌కి ఇవ్వకండి.

మల్లేశం_బజార్:
అంతా బాగుంది గానీ, నాకు రెండు సందేహాలు. బజార్లో 400 ఉంటే ఈవిడది 450కి ఎవరు కొంటారు? కొనేవాళ్ళకి నీ గంటలతో పనేముంది? ఇంకోటి, కూలీ ఆవిడదే, లాభమూ ఆవిడదే. రెండుసార్లు ఎందుకు వేయడం?

పట్టుపోగు:
రెండోదానికి జవాబు ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక్కర్తే చేయలేక పక్కింటి అమ్మాయిని పెట్టుకుంటే, ఆ గంటకి 70 ఆ అమ్మాయికి పోతుంది. లాభం విడిగా లేకపోతే ఈవిడకి మిగిలేది సున్నా.

మొదటిదానికి, బజారు ధర బజారుదే. మన లెక్క ధరని శాసించదు, ఆ డిజైన్ చేయాలా మానాలా అన్నది చెబుతుంది. 400కే అమ్మాల్సి వస్తే లాభం దాదాపు పోతుంది, కూలీ మాత్రం దక్కుతుంది. 350కి దిగితే కూలీలోంచి 45 పోతుంది. అప్పుడు ఆ సెట్ ఆపేసి, స్టోన్ చైన్ సెట్‌కి పోవడం నయం.

మల్లేశం_బజార్:
అందరూ స్టోన్ చైనే చేస్తే దాని రేటూ పడిపోతుంది కదమ్మా.

సన్నజాజి:
ఆరు సెట్ల లెక్క ఈ వారం రాసి చూస్తాను. గంటకి 70 ఎందుకు, వంద ఎందుకు కాదు?

రాజు_లెక్కలు:
మీ ఊళ్ళో పీకో, ఫాల్ కుట్టేవాళ్ళకి గంటకి ఎంత పడుతోందో కనుక్కోండి, అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నేనైతే వందే వేస్తాను. పట్టుపోగు గారు ఒప్పుకోరు.

పట్టుపోగు:
ఒప్పుకోను. వంద వేస్తే ఖర్చే 455కి పోతుంది, ఆ పైన లాభం. కొత్తవాళ్ళకి మొదటి సీజన్‌లో అది అమ్ముడవదు.