అప్‌డేట్: ఏజెన్సీ బిల్లులో పీఎఫ్ కడుతున్నాం, మరి స్టాఫ్‌కి చేతికి ఇంత తక్కువెందుకు?

నేను అడిగింది ఇదే: మేం ఏజెన్సీకి పూర్తిగా కడుతున్నా హౌస్‌కీపింగ్ వాళ్ల చేతికి 9,940 మాత్రమే ఎందుకొస్తోందని.

లెక్క తేలిందండి. జీతం 14,000. దానిమీద యజమాని వాటా పీఎఫ్ 13 శాతం అంటే 1,820, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 455, మొత్తం 2,275 మా బిల్లులోనే ఉంది, పైన మార్జిన్ 5 శాతం 700 వేరే. వర్కర్ దగ్గర కట్ చేయాల్సింది 12 శాతం పీఎఫ్ 1,680, ఈఎస్ఐ 105, అంతే, అంటే చేతికి 12,215 రావాలి. తేడా సరిగ్గా 2,275! మా దగ్గర తీసుకున్న యజమాని వాటానే వాళ్ల జీతంలోంచి కూడా కోసేశారన్నమాట, మార్జిన్ మాత్రం పాపం 5 శాతమే.

ఇన్నాళ్లూ వాళ్లు పంపే చలానా చూసి ఓకే అనేవాళ్లం, అందులో అన్ని క్లయింట్ల మొత్తం కలిపి ఉంటుంది, మనవాళ్లెవరో తెలీదు. ఇప్పుడు ఒక్కో వర్కర్ పేరు, యూఏఎన్ అనే పీఎఫ్ నంబరుతో ఏజెన్సీ నెలనెలా పీఎఫ్‌కి ఫైల్ చేసే ఈసీఆర్ షీటు, బ్యాంకు జీతాల లిస్టు పక్కపక్కన పెట్టి చూశాకే బిల్లు పాస్ చేస్తున్నాం. ఏజెన్సీ పీఎఫ్ ఎగ్గొడితే పని చేయించుకునే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా కట్టాల్సింది మేమే కదా. పాత తేడా వర్కర్ల అకౌంట్లో వేసేదాకా ఈ నెల బిల్లు ఆపాం.