25వ పెళ్లిరోజు కానుక: కాగితం ఆమెకి నచ్చిన రంగా, సందర్భం రంగా?

ఊదాపువ్వు: స్నేహితురాలి 25వ పెళ్లిరోజు. ఆమెకి ముదురు ఊదా అంటే ప్రాణం. ఈ సందర్భానికేమో వెండి రంగు అంటారు. కాగితానికి ఏది, రిబ్బన్‌కి ఏది? వేడుక రాత్రిపూట.

రంగులరాట్నం: ఊదా కాగితమే. కానుక అందుకునేది మనిషి కదండీ, తేదీ కాదు. రంగుల చక్రంలో ఊదాకి ఎదురుగా ఉండేది పసుపు, ఆ రిబ్బన్ కట్టండి. ఎదురెదురు రంగులు ఎప్పుడూ కుదురుతాయి.

కాగితపుపడవ: ఎప్పుడూ కుదరవండీ. ఊదా ముదురు, పసుపు లేత కాబట్టి ఆ జత నిలబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ కూడా ఎదురెదురువే, కానీ రెండూ ఒకే ముదురులో ఉంటే కలిసేచోట కళ్లు చెదురుతాయి. నేను చాలా ఏళ్లుగా కానుకలు చుట్టే పనిలో ఉన్నాను. రంగు సంగతి తర్వాత, ముందు ముదురు-లేత తేడా చూస్తాను. రిబ్బన్ ముక్కని కాగితం మీద పెట్టి ఫోన్‌లో నలుపు-తెలుపు ఫోటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో వస్తే, ఎంత కష్టపడి పువ్వు ముడి వేసినా కాస్త దూరం నుంచి కనబడదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. పెళ్లిరోజు ఇద్దరిది. పెట్టె మొత్తం ఒకరి రంగుతో కప్పేస్తే అది ఆమె పుట్టినరోజు కానుకలా ఉంటుంది. అందుకే కాగితం వెండి, రిబ్బన్ ఊదా అంటాను. అయితే అద్దంలా మెరిసే వెండి కాగితం వద్దు. ప్రతి మడతా, టేపు అంచూ, వేలిముద్రా బయటపడతాయి. మెరుపు తక్కువున్న లేత వెండి తీసుకోండి. పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు అనుకుంటే నిలువూ అడ్డం చుట్టడానికి 140 సెంటీమీటర్ల రిబ్బన్, పువ్వుకి మరో 60 పడుతుంది.

గాలిపటం: మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆకుపచ్చ కాగితానికి ఎర్ర రిబ్బన్ కట్టి ఇచ్చాను. పాపం, దాని కొస ఎక్కడుందో వేళ్లతో తడుముకున్నాడు. ఇప్పటికీ నాకు మనసులో గుచ్చుకుంటుంది. అలాంటివాళ్లకి ఊదా కూడా నీలంలా కనిపిస్తుందట కదా?

కాగితపుపడవ: చాలామందికి అంతే. వాళ్లకి కూడా ముదురు మీద లేత, లేత మీద ముదురు తెలుస్తుంది.

ఊదాపువ్వు: ఫోటో తీసి చూశాను, తేడా బాగా తెలుస్తోంది. కానీ రాత్రి మా గది బల్బు కింద రిబ్బన్ దాదాపు నల్లగా ఉంది!

కాగితపుపడవ: నీలం వైపు మొగ్గే ఊదా అయ్యుంటుంది. పసుపు వెలుగులో అది అలాగే చచ్చిపోతుంది. ఎరుపు వైపు మొగ్గేది తెచ్చి అదే బల్బు కింద చూడండి. పగటి వెలుగులో ఎంచుకోవద్దు.

రంగులరాట్నం: ఎదురెదురు రంగుల గురించి తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. కాగితం సంగతిలో మాత్రం మనసు మారలేదు. కానుకల మధ్య ఊదా పెట్టె కనబడగానే ఆమె మొహం వెలగాలి. అయినా ఇద్దరి పండగ అంటున్నారు, ఆయనకి ఏ రంగు ఇష్టమో ఎవరైనా అడిగారా?

ఊదాపువ్వు: లేదు. ఈ సాయంత్రమే అడుగుతాను.