తొమ్మిది నెలలకు వచ్చిన ఆర్డర్‌ను మొదటి యాడ్ ఖాతాలో రాయొచ్చా?

హన్మకొండ_యాడ్స్: రైస్ మిల్లులకు కలర్ సార్టర్లు అమ్మే కంపెనీకి గూగుల్ యాడ్స్ నడుపుతున్నా. మిషన్ 28 లక్షలు. 2024 ఏప్రిల్ నుంచి జూన్ దాకా 1,80,000 ఖర్చు పెట్టాం, ఆ మూడు నెలల్లో అమ్మకం సున్నా. తర్వాత అక్టోబర్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, జనవరిలో ఒకటి ఆర్డర్లు వచ్చాయి. ముగ్గురి పేర్లూ మన లీడ్లలో ఉన్నాయి. మొత్తం 84 లక్షలు మొదటి యాడ్ వల్లే అని రిపోర్ట్ పెట్టా. ఓనర్‌కు కోపం వచ్చింది, "మా సేల్స్ ఇంజనీర్ ఆరు సార్లు మిల్లుకు తిరిగితే పేరు నీకా" అన్నాడు. నాది తప్పా?

శీను_పీపీసీ: తప్పేం లేదన్నా. ఫారమ్‌లో gclid, అంటే ప్రతి యాడ్ క్లిక్‌కు గూగుల్ ఇచ్చే గుర్తు, దాచుకుంటున్నావు కదా. ఆర్డర్ రాగానే ఆ gclid, 28 లక్షల విలువ కలిపి గూగుల్ యాడ్స్‌లో ఆఫ్‌లైన్ కన్వర్షన్‌గా అప్‌లోడ్ చెయ్యి. ఏ కీవర్డ్‌కు ఎంత వచ్చిందో అదే చూపిస్తుంది, ఓనర్‌తో వాదించే పనే ఉండదు.

గ్రానైట్_గంగాధర్: కరీంనగర్‌లో మాది గ్రానైట్. మాకూ ఒక ఏజెన్సీ ఇట్లనే రిపోర్ట్ ఇచ్చింది. యాడ్ వల్ల వచ్చిండని రాసిన కస్టమర్ మా నాన్న కాలం నుంచి రాయి కొంటున్నాయన! మా ఫోన్ నంబర్ కోసం గూగుల్ చేసిండు, పైన మా యాడ్ కనబడితే నొక్కిండు, అంతే. నన్నడిగితే మొదటి యాడ్‌కు రూపాయి కూడా రాయొద్దు. అమ్మేది మనిషి.

లెక్కల_లక్ష్మి: శీనూ, నువ్వు చెప్పింది సగమే పనిచేస్తుంది. క్లిక్ అయిన 90 రోజుల తర్వాత చేసే అప్‌లోడ్‌ను గూగుల్ తీసుకోదు. ఏప్రిల్, మే క్లిక్‌లకు అక్టోబర్‌లో, జనవరిలో ఆర్డర్ వస్తే ఆ వరుసలన్నీ తిరస్కరణలోకి పోతాయి. అప్‌లోడ్ ఫలితాలు తెరిచి చూడనివాళ్లకు "యాడ్ పనిచేయలేదు" అనిపిస్తుంది. అందుకే గూగుల్‌కు పంపాల్సింది ఆర్డర్ కాదు, కొటేషన్. మిల్లర్లకు కొటేషన్ మామూలుగా నెలా నెలన్నరలో పోతుంది కాబట్టి గడువులో పడుతుంది. క్లిక్ తర్వాత ఎన్ని రోజుల దాకా లెక్కపట్టాలో చెప్పే కన్వర్షన్ విండో మాత్రం 30 రోజుల దగ్గర వదిలేయకుండా 90 పెట్టుకోవాలి. ఆర్డర్ డబ్బు లెక్క మన షీట్‌లోనే ఉండాలి.

హన్మకొండ తమ్మీ, నీ 84 లక్షల మీదా నాకు అనుమానముంది. మూడు ప్రశ్నలు. ఆ పేర్లు నీ యాడ్‌కు ముందు కంపెనీ పాత కొటేషన్ పుస్తకంలో ఉన్నాయా? యాడ్ నొక్కినవాడు, సంతకం పెట్టినవాడు ఒకరే అని ఎట్లా తెలిసింది? కొటేషన్లు ఎన్ని, మిల్లులు ఎన్ని?

కాజీపేట_టిఫిన్స్: మాది టిఫిన్ సెంటర్. ఇన్‌స్టాలో 500 పెట్టి బూస్ట్ చేస్తే రెండో రోజే జనం వచ్చారు. మీకు తొమ్మిది నెలలు పట్టిందంటే యాడ్ బొమ్మ బాలేదేమో?

శీను_పీపీసీ: ఇడ్లీ కాదు అన్నా, 28 లక్షల మిషన్. బ్యాంకు లోన్ రావాలి, మిల్లు ఖాళీగా ఉన్న టైమ్ చూసి బిగించాలి.

లక్ష్మక్కా, 90 రోజుల సంగతి ఒప్పుకుంటా. కానీ గూగుల్ అనలిటిక్స్ GA4లో, మనిషి మొదట ఎక్కడి నుంచి వచ్చాడో చూపే First user source ఉంది కదా, మొదటి యాడ్ అందులో దొరకదా?

లెక్కల_లక్ష్మి: అది బ్రౌజర్‌కు మొదటిది, మిల్లుకు కాదు. మిల్లర్ కొడుకు ఫోన్‌లో యాడ్ నొక్కుతాడు, మూడు వారాల తర్వాత గుమాస్తా ఆఫీసు కంప్యూటర్‌లో ఫారమ్ నింపుతాడు. GA4కు వాళ్లిద్దరు. ఐఫోన్ సఫారీలో అయితే ఒకే మనిషి వారం దాటి వచ్చినా కొత్తవాడిగా లెక్కపడొచ్చు. ఇక GA4లో ఫస్ట్ క్లిక్ మోడల్‌ను 2023లోనే తీసేశారు.

నేను ఇంతకుముందు యంత్రాల కంపెనీలో ఇదే పని చేశా. కొటేషన్ మీద మిల్లు జీఎస్టీ నంబర్ మామూలుగా ఉంటుంది కదా. ఒకే నంబర్ ఉన్న లీడ్లన్నీ కలిపి, వాటిలో అన్నిటికంటే పాత క్లిక్ తేదీని ఆ మిల్లు మొదటి తేదీగా రాసేవాళ్లం. అన్నదమ్ములు వేరువేరు ఫర్మ్‌లు పెట్టుకుంటే ఇది పట్టదు, అప్పుడు సేల్స్ వాళ్లను అడగాల్సిందే.

హన్మకొండ_యాడ్స్: అక్కా, రెండు రోజులు కూర్చుని తీశా. మొత్తం లీడ్లు 96. అందులో సగానికి పైగా ఇంటి పిండి గిర్నీ కావాలన్నవాళ్లు, ఉద్యోగం అడిగినవాళ్లు. సీఆర్‌ఎంలో కొటేషన్లు 14, అంటే పైప్‌లైన్ 3.92 కోట్లు అని రిపోర్ట్‌లో రాశా. జీఎస్టీ నంబర్‌తో కలిపితే మిల్లులు తొమ్మిదే. రేటు తగ్గించి మళ్లీ ఇచ్చిన కొటేషన్లను కూడా సీఆర్‌ఎం కొత్త డీల్‌గా ఎక్కించింది. అసలు పైప్‌లైన్ 2.52 కోట్లు. సిగ్గేసింది.

ఆర్డర్ల సంగతి. అక్టోబర్‌ది నికరం: పాత పుస్తకంలో లేడు, ఏప్రిల్ క్లిక్ ఉంది, ఫారమ్ ఆయనే నింపాడు. డిసెంబర్ ఆయనకు 2021లోనే కొటేషన్ ఇచ్చారు. జనవరిది సుల్తానాబాద్ డీలర్ ద్వారా వచ్చింది, కానీ అదే మిల్లు జీఎస్టీ మీద మేలో ఒక క్లిక్ ఉంది.

గ్రానైట్_గంగాధర్: చూసినవా, మూడింట్ల ఒక్కటే మిగిలింది.

లెక్కల_లక్ష్మి: ఆ ఒక్కటి కూడా ఊరికే రాలేదు గంగాధర్ గారూ. ఆ మిల్లు పేరు మీ సేల్స్ వాళ్లలాంటివాళ్లకు ముందు తెలియదు, ఆరు సార్లు తిరగడానికి అడ్రస్ దొరికింది యాడ్ వల్లే. నా వరకు మొదటి యాడ్ లెక్క చెప్పేది "ఈ మిల్లు మనకు ఎట్లా తెలిసింది" అన్నంతవరకే. ఎవరు అమ్మారన్నది వేరే గడి.

తమ్మీ, డిసెంబర్ ఆర్డర్ తీసెయ్యి. జనవరిది విడిగా "డీలర్ + యాడ్" అని రాయి, మొత్తంలో కలపకు. రిపోర్ట్‌ను ఆర్డర్ వచ్చిన నెలతో కాకుండా మొదటి క్లిక్ నెలతో కట్టు. అప్పుడు ఏప్రిల్–జూన్ ఖర్చు పక్కన ఆ మూడు నెలల్లో తెలిసిన మిల్లులు తెచ్చిన డబ్బే కనబడుతుంది. B మొదటి క్లిక్ తేదీ, F స్థితి, G ఆర్డర్ విలువ అనుకుంటే:

```
=SUMIFS(G:G, B:B, ">="&DATE(2024,4,1), B:B, "<="&DATE(2024,6,30), F:F, "Won")
```

డిసెంబర్, జనవరి వరుసల్లో F గడిలో Won బదులు వేరే మాట పెట్టు, 28 లక్షలే వస్తుంది. ఇదే షీట్‌ను ప్రతి నెలా అదే ఏప్రిల్–జూన్ వరుసకు తిరిగి నింపుతూ పో. జూన్ చివర సున్నా, అక్టోబర్‌లో 28 లక్షలు అని ఓనర్‌కు కనబడితే, వచ్చే ఏడాది జూన్‌లో సున్నా చూసి యాడ్ ఆపమని అనడు.

శీను_పీపీసీ: 28 లక్షలు అంటే కూడా ఓనర్ నమ్మడక్కా. ఆయన చేతిలో మిగిలేది అంత కాదు కదా. మార్జిన్ 12 శాతం అనుకుంటే 3.36 లక్షలు. 1.8 లక్షల ఖర్చు పక్కన అది పెట్టాలి.

లెక్కల_లక్ష్మి: ఈసారి నీది పూర్తిగా కరెక్ట్.

హన్మకొండ_యాడ్స్: అట్లనే మార్చి పంపా. ఓనర్ చదివి, మిగిలిన ఆరు మిల్లుల కొటేషన్ల గురించి అడిగాడు, యాడ్ ఆపమని అనలేదు. ఫోన్ చేసినవాళ్ల సంగతే తేలలేదు. నంబర్ చూసి నేరుగా సేల్స్ ఇంజనీర్‌కు కాల్ చేస్తారు, gclid ఉండదు. "ఎక్కడ చూశారు" అని అడిగితే అందరూ గూగుల్ అనే అంటారు, యాడా కాదా తెలియదు.

లెక్కల_లక్ష్మి: "చెప్పింది" అని వేరే కాలమ్ పెట్టి రాయించు. రుజువున్న కాలమ్‌తో కలపకు.

గ్రానైట్_గంగాధర్: మరి సుల్తానాబాద్ డీలర్ తన కమిషన్ మొత్తం అడుగుతుండు కదా. ఆయనకు ఈ షీట్ ఎవరు చూపిస్తరు?